పసిబిడ్డకు వెల్లకిలా నిద్రే క్షేమం

చిల్లా గడిచి నాలుగు రోజులైంది. పుట్టింట్లో ఉన్న కూతురు బిడ్డకు పాలు పట్టి, వెల్లకిలా పడుకోబెట్టింది. "అలా వద్దు బేటీ, పాలు కక్కితే గొంతులో పడతాయి, బోర్లా పడుకోబెట్టు" అంది నానీ. చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. కానీ జరిగేది దీనికి రివర్స్.

బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు పైకి ఎక్కి ఊపిరి గొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా ఉంటే ఊపిరి గొట్టం కిందికి వస్తుంది, పాలు అటు జారడం తేలిక. పైగా ముఖం పరుపులో కూరుకుంటే తను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక, కొన్నేళ్లలోనే నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. పక్కకు తిప్పి పడుకోబెట్టినా బోర్లా దొర్లిపోతారు కాబట్టి అదీ వద్దు. ఏడాది నిండేదాకా, పగలైనా రాత్రైనా, వెల్లకిలానే పడుకోబెట్టాలి. అటూ ఇటూ తనంతట తాను దొర్లడం వచ్చాక మాత్రం, నిద్రలో తిరిగితే అలాగే ఉంచవచ్చు.

ఇక పరుపు. అరచేత్తో నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉండిపోతే అది బిడ్డకు పనికిరాదు. కొత్త బూరుగు దూది పరుపు, సోఫా ఇలాంటివే. గట్టి, సమతలంగా ఉన్న పరుపు మీద బిగుతుగా పరిచిన దుప్పటి ఒక్కటి చాలు. చీర ఊయలలో బిడ్డ వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఊపిరికి అడ్డం. అందులో నిద్రపోతే తీసి పరుపు మీదికి మార్చండి.

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. అది జరిగితే ముక్కుకు అడ్డం పడుతుంది. దాని బదులు ఒకరోజు తల కుడికి, మరుసటి రోజు ఎడమకు తిప్పి పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, రోజుకు రెండు మూడుసార్లు కొద్ది నిమిషాలు బోర్లా ఆడించండి. గొడుగు దోమతెరతో పాటు వచ్చే దిండ్లు, బొమ్మలు, వదులు దుప్పట్లు తీసేయండి. తెర మాత్రం ఉంచండి, బిడ్డ మీద పడకుండా బిగుతుగా ఉండాలి. మెడలో తాయత్తు, నల్లదారం ఉంటే నిద్రకు ముందు తీసి పక్కన పెట్టండి, దారం బిగుసుకోవచ్చు.

చలి అనిపిస్తే దుప్పటి కప్పకుండా ఇంకో జత బట్టలు తొడగండి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ వద్దు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడక్కర్లేదు. మెడ వెనక చెమట తగిలితే ఒక బట్ట తగ్గించండి.

రాత్రి బిడ్డ అమ్మీ గదిలోనే, అమ్మీకి చేయి అందేంత దూరంలో, కానీ వేరే పరుపు మీద పడుకోవాలి. పడుకుని పాలిస్తూ నిద్రపోతే, మెలకువ రాగానే బిడ్డను తన చోటికి మార్చాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో డిశ్చార్జి రోజే పిల్లల డాక్టరును అడిగి రండి.