మధ్యలో అందుకునే సహోద్యోగికి ఒక చిన్న మెసేజ్

మీటింగులో తన మాటకు పదే పదే అడ్డొచ్చే సహోద్యోగిని ఆపమని అడగడానికి మూడు దారులున్నాయి. అక్కడికక్కడే అందరి ముందూ అనడం, తర్వాత ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పడం, విడిగా రాసి పంపడం. అందరి ముందూ అంటే అవతలి మనిషి పరువు కాపాడుకునే పనిలో పడతాడు. ఎదురుగా చెబితే ఆ క్షణంలోనే జవాబు ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి తనను తాను సమర్థించుకోవడంతోనే మొదలుపెడతాడు. రాసిన మాటకు ఆ తొందర లేదు. చదివి, ఒక్క క్షణం ముఖం ముడుచుకుని, టీ తాగి వచ్చి, ఆ తర్వాత జవాబు ఇవ్వవచ్చు. ఆ ముడుచుకున్న ముఖాన్ని ఎవరూ చూడరు. రాతకు ఉన్న పెద్ద లాభం ఇదే. నష్టం కూడా ఉంది: గొంతులోని మెత్తదనం రాతలో వినపడదు. అందుకే నాలుగైదు వాక్యాల మెసేజైనా మాట మాటకూ ఆలోచించి రాయాలి.

రాయడానికి ముందు తేల్చుకోవాల్సింది, జరుగుతున్నది నిజంగా అడ్డుపడటమేనా అన్నది. తెలుగువారి మాటల్లో వినేవాడు ఊరికే కూర్చోడు. కథ చెప్పేవారు ‘ఊ కొట్టు’ అని అడిగి మరీ చెబుతారు. మాట దొరక్క తడుముకుంటుంటే పక్కవాళ్లు ఆ మాట అందిస్తారు. ఇవేవీ అడ్డుపడటం కావు. భాషావేత్త డెబొరా టానెన్ ఇలాంటి దాన్ని సహకారంతో కలిసి మాట్లాడటంగా వర్ణించారు. అలా కలగజేసుకునేవారు తాము శ్రద్ధగా వింటున్నామని చూపిస్తున్నామనే అనుకుంటారు. తేడా పసిగట్టడానికి ఒక సులువైన గుర్తు ఉంది. కలగజేసుకున్న తర్వాత మాట మళ్లీ మొదటి మనిషి దగ్గరికే వస్తే అది ఊ కొట్టడం. తిరిగి రాకపోతే మాట లాక్కున్నట్టు.

ఆన్‌లైన్ మీటింగుల్లో ఇంకో చిక్కు ఉంది. 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూసిన ఒక అధ్యయనంలో, ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతు, అంటే దాదాపు 200 మిల్లీసెకన్లు అని తేలింది. మాట ఒకవైపు నుంచి మరోవైపుకు చేరడంలో 150 మిల్లీసెకన్లకు మించి ఆలస్యం కాకుండా చూసుకోవాలని అంతర్జాతీయ టెలికాం ప్రమాణాలు సూచిస్తాయి. నెట్ బాగోని చోట అది దాటిపోతుంది. అప్పుడు ఇటువైపు ఊపిరి తీసుకోవడానికి ఆగితే అటువైపు అది మాట ముగిసినట్టు అనిపిస్తుంది, మర్యాదగా ఎదురుచూసినవాడు కూడా మధ్యలో దూరినట్టు కనిపిస్తాడు. కాబట్టి ఎదురెదురుగా కూర్చున్న మీటింగుల్లోనూ ఇదే జరుగుతోందా, ఒక్కరి మాటకే జరుగుతోందా, అందరి మాటకూనా అని రెండు మూడు మీటింగుల పాటు గమనించడం మేలు. అందరి మాటకూ అడ్డొచ్చే మనిషి విషయంలో మెసేజ్ రాయాల్సింది మీటింగు నడిపేవారికి.

ఇక అసలు మెసేజ్. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ టీమును ఊహించుకుందాం. ఆమె టెస్టింగ్ చూస్తుంది. అతను డెవలపర్, ఆమెకన్నా రెండేళ్లు సీనియర్, ఆమె పైఅధికారి మాత్రం కాదు. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర భోంచేస్తారు. సోమవారం మీటింగులో పేమెంట్ పేజీ గురించి ఆమె మూడు సంగతులు చెప్పాలనుకుంది. రెండోది చెబుతుండగా అతను అందుకున్నాడు, చర్చ అటు మళ్లింది. మూడోది, కొందరికి రీఫండ్ రెండుసార్లు పడుతున్న సంగతి, చెప్పకుండానే మీటింగు ముగిసింది. ఆ సాయంత్రం ఆమె చేతికి వచ్చిన మొదటి రాత ఇలా ఉండే అవకాశం ఎక్కువ:

“మీరు ప్రతి మీటింగులోనూ నన్ను మాట్లాడనివ్వరు. నేను చెప్పేది వినకుండానే మధ్యలో దూరతారు. అందరి ముందూ ఇలా చేయడం బాగోలేదు. ఇకనుంచైనా కాస్త చూసుకోండి.”

ఇందులో అబద్ధం పెద్దగా లేకపోయినా ఇది పనిచేయదు. ‘ప్రతి’ అనే మాట చదవగానే అతనికి తాను నోరు మెదపని ఒక మీటింగు గుర్తొస్తుంది, వాదన దాని చుట్టూ తిరుగుతుంది. ‘మాట్లాడనివ్వరు’ అన్నది జరిగిన సంగతి కాదు, అతని ఉద్దేశం మీద తీర్పు. ‘వినకుండానే’ కూడా అంతే, అతను విన్నాడో లేదో ఆమెకు తెలియదు. అన్నిటికన్నా గట్టిగా తగిలేది ‘ఇకనుంచైనా’. ఆ చివరి ‘అయినా’లో ఇన్నాళ్ల దెప్పు అంతా ఇమిడి ఉంది. దానికి ‘చూసుకోండి’ తోడైతే విన్నపం కాస్తా హెచ్చరిక అయి కూర్చుంటుంది.

తెలుగులో దీనికి ఒక వెసులుబాటు ఉంది. చాలా క్రియలు జంటగా ఉంటాయి: ఆపు, ఆగు, తెంచు, తెగు, మళ్లించు, మళ్లు. ‘మీరు నా మాట ఆపేశారు’ అంటే వేలు అతని వైపు చూపిస్తుంది. ‘నా మాట అక్కడ ఆగిపోయింది’ అంటే జరిగిందేదో అదే కనిపిస్తుంది. నష్టం చెప్పేటప్పుడు ఈ రెండో రకం క్రియలు వాడితే సగం మంట చల్లారుతుంది. అయితే మెసేజ్ మొత్తం వాటితోనే నింపితే అది తనకే రాశారని అతనికి తెలియకపోవచ్చు. ‘కొందరు మాట పూర్తి కానివ్వడం లేదు’ లాంటి రాత మరీ చేటు. అది నేరుగా అనే ధైర్యం లేక విసిరిన సూటిపోటి మాటగానే చేరుతుంది. అతను చేసిన పనిని ఒక్కసారి, ఒక్క వాక్యంలో, ‘మీరు’ అని సూటిగా చెప్పి, తక్కినదంతా జరిగిన సంగతిగా రాయడం సరైన పాళ్లు.

ఆమె ఒక రాత్రి ఆగి మంగళవారం ఉదయం పంపిన మెసేజ్ ఇది:

“హాయ్ అండీ. నిన్నటి మీటింగులో పేమెంట్ పేజీ గురించి నేను చెబుతుంటే రెండో పాయింట్ దగ్గర మీరు అందుకున్నారు. మీరు లేవనెత్తింది అవసరమైన ప్రశ్నే. చర్చ అటు మళ్లాక, రీఫండ్ రెండుసార్లు పడుతున్న సంగతి నా దగ్గరే ఉండిపోయింది. పోయిన గురువారం కూడా ఇలాగే జరిగింది. నేను ‘అంతే’ అన్నాక మీరు మొదలుపెడితే నాకు బాగా వీలుగా ఉంటుంది. నేను మరీ సాగదీస్తున్నాను అనిపిస్తే విడిగా చెప్పండి, కుదించుకుంటాను.”

ఇందులో ఒక రోజు, ఒక చోటు, పోయిన ఒక సంగతి ఉన్నాయి. పోయింది ఆమె గౌరవం కాదు, టీముకు తెలియాల్సిన ఒక లోపం. అందుకే అతనికి దాన్ని కాదనడానికి పెద్దగా ఏమీ దొరకదు. గురువారం ప్రస్తావన ఒక్క వాక్యమే. అది లేకపోతే ‘ఒక్కసారి జరిగినదానికి ఇంత రాయాలా’ అనిపిస్తుంది, నాలుగు తేదీలు వేస్తే చార్జిషీటు అవుతుంది. ‘అవసరమైన ప్రశ్నే’ తర్వాత ‘కానీ’ లేకపోవడం గమనించదగ్గది. పొగడ్త వెనకే ‘కానీ’ వస్తే చదివేవారు పొగడ్తను కొట్టేసి ‘కానీ’ తర్వాతిదే చదువుకుంటారు. అడిగింది కూడా చేయగలిగిన పని. ‘నన్ను గౌరవించండి’ అంటే ఏం చేయాలో తెలియదు, ‘అంతే’ అన్న మాట కోసం ఆగడం ఎవరికైనా తెలుస్తుంది. చివరి వాక్యం నిజమైతేనే రాయాలి. అలా చెప్పించుకోవడానికి సిద్ధంగా లేనివారు దాన్ని తీసేయడమే నయం.

పిలుపు విషయంలో ఒక జాగ్రత్త. రోజూ ‘నువ్వు’ అనుకునే ఇద్దరి మధ్య ఈ ఒక్క మెసేజ్‌లో ‘మీరు’ వస్తే, తక్కిన మాటలు ఎంత మెత్తగా ఉన్నా కోపం వచ్చిందనే అర్థం. రోజూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసుకునేవారు హఠాత్తుగా ఆఫీసు ఇంగ్లీషులోకి మారినా అంతే. ఇద్దరూ రోజూ ఎలా రాసుకుంటారో అలాగే రాయాలి. ‘ఏమీ అనుకోకండి’ ఒక్కసారి పరవాలేదు. దానికి ముందు సారీ, వెనక దయచేసి, చివర రెండు నవ్వు బొమ్మలు చేర్చితే అడిగిన విషయం వాటి కింద పడి నలిగిపోతుంది. ‘ఎవరికీ చెప్పలేదు’ అని కూడా రాయనక్కర్లేదు, అది చెప్పగలనన్న బెదిరింపులా వినిపించవచ్చు. విడిగా పంపిందే అయినా స్క్రీన్‌షాట్ తీయడానికి క్షణం చాలు కాబట్టి, మేనేజర్ కళ్లబడినా ఇబ్బంది లేని మాటలే అందులో ఉండాలి.

జవాబు ‘అయ్యో, గమనించలేదండీ’ అని వస్తే, ‘పర్లేదండీ, థాంక్స్’ అని అక్కడితో ఆపాలి. దొరికింది కదా అని పాత సంగతులు తవ్వితే మొదటి మెసేజ్ విలువ పోతుంది. ‘మీరు చాలా నెమ్మదిగా చెబుతారు కదా’ అని వస్తే అందులో నిజమెంతో చూసుకోవాలి. ముఖ్యమైన సంగతిని మూడోదిగా కాక మొదటిదిగా చెప్పడం ఆమె చేతిలో ఉన్న పనే. అలా ఒప్పుకుని, అడిగిన మాటను మాత్రం వెనక్కి తీసుకోకూడదు. జవాబే రాకపోతే రెండో మెసేజ్ వద్దు, వచ్చే మీటింగు చూడాలి. చాలామంది జవాబు రాయకుండా మారిపోతారు. అలవాటు కాబట్టి మారినవాళ్లు కూడా ఒకటి రెండుసార్లు మళ్లీ జారతారు. అప్పుడు గొంతు పెంచకుండా ‘ఒక్క నిమిషం, ఇది పూర్తి చేసి ఇస్తాను’ అంటే చాలు. మెసేజ్ ముందే వెళ్లి ఉంది కాబట్టి ఆ మాట వెనక సంగతి అతనికి అర్థమవుతుంది.

ఈ పద్ధతికి హద్దు ఉంది. మధ్యలో అందుకునేది పైఅధికారి అయితే, లేదా అడ్డుపడటంతో పాటు వెటకారం, అవమానం ఉంటే స్నేహపూర్వకమైన మెసేజ్ సరిపోదు. కొన్నిసార్లు లోపం మనుషులది కాదు, ఏర్పాటుది. అమెరికా సుప్రీంకోర్టు వాదనల్లో మహిళా న్యాయమూర్తుల మాటకు మగవారికన్నా ఎక్కువగా అడ్డొస్తున్నారని 2017లో ఒక పరిశోధన చూపింది. 2021లో కోర్టు పద్ధతి మారింది: అందరూ కలిసి ప్రశ్నలడిగే సమయం ముగిశాక, సీనియారిటీ ప్రకారం ఒక్కొక్క న్యాయమూర్తికీ విడిగా వంతు వస్తుంది. ఆ మార్పు వెనక ఇలాంటి పరిశోధనల పాత్ర కొంత ఉందని జస్టిస్ సోనియా సోటోమేయర్ బహిరంగంగానే చెప్పారు. ఆఫీసులోనైతే అదే పని మీటింగు నడిపేవారు చేయాలి. మెసేజ్ పంపాక మూడు నాలుగు మీటింగులు గడిచినా మార్పు లేకపోతే, వారిని అడగాల్సింది అతని మీద చర్య కాదు, ఒక్కొక్కరికీ వంతు.