నిద్రాణ క్షయ, చురుకైన క్షయ: పరీక్ష చెప్పేదెంత?

క్షయ సూక్ష్మజీవి ఒంట్లో చేరినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. రోగనిరోధక శక్తి దాన్ని అదుపులో ఉంచితే అది నిద్రాణ క్షయ. దగ్గు, జ్వరం ఉండవు, ఇతరులకు అంటదు. చికిత్స లేకపోతే ఇలాంటివారిలో నూటికి 5 నుంచి 10 మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు చురుకైన జబ్బుగా మారుతుంది.

ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల క్షయ బయటపడి, తోబుట్టువుకు మాంటూ పరీక్ష చేశారనుకుందాం. ముంజేతి చర్మంలోకి ట్యూబర్‌క్యులిన్ ఎక్కించి, 48 నుంచి 72 గంటల మధ్య చూస్తారు. కొలవాల్సింది ఎరుపును కాదు, చేతికి తగిలే గట్టి వాపును. అది 12 మిల్లీమీటర్లు ఉంటే పాజిటివ్‌గానే లెక్కిస్తారు. అయితే బీసీజీ టీకా వల్ల కూడా వాపు రావచ్చు. ఇగ్రా రక్తపరీక్షకు ఆ చిక్కు లేదు.

రెండు పరీక్షలూ చెప్పేది ఒక్కటే: శరీరం ఈ సూక్ష్మజీవిని గుర్తుపడుతోందని. అది అణిగి ఉందా, ఊపిరితిత్తులను తొలుస్తోందా అన్నది మాత్రం చెప్పలేవు. అందుకు లక్షణాలు, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే కళ్లె పరీక్ష చూడాలి. నెగెటివ్ వచ్చినా పూర్తి భరోసా లేదు. సోకిన తొలి వారాల్లో శరీరం ఇంకా స్పందించదు. హెచ్‌ఐవీ ముదిరినవారిలో, క్షయతోనే బాగా చిక్కిపోయినవారిలో కూడా ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు. చురుకైన జబ్బు లేదని తేల్చుకోకుండా నివారణ మందు మొదలుపెడితే అసలు ప్రమాదం అక్కడే: ఒకటి రెండు మందులకు చావని సూక్ష్మజీవి, ఆ మందులకు లొంగకుండా తయారవుతుంది.