అనుమతి కోరే సందేశం

ధ్వనిముద్రణ చేసిన పాఠాన్ని తాను వినడం వేరు, అందులో ఒక భాగాన్ని ఇతరులకు పంపడం వేరు. 1994లో సవరించిన మన కాపీరైటు చట్టం గాయకులతోపాటు ఉపన్యాసకులను కూడ ప్రదర్శకులుగా గుర్తించింది. కాబట్టి పంపేముందు వారి అనుమతి కోరాలి.

ఒక విద్యార్థిని తన ఆచార్యునికి ఇలా రాసింది:

"అయ్యా, నమస్కారములు. నిన్నటి ఛందస్సు పాఠంలో 12వ నిమిషం నుండి ఒకటిన్నర నిమిషంపాటు మీరు ఉత్పలమాల యతిని వివరించారు. ఆ భాగాన్ని పరీక్షల కోసం మా తరగతి వాట్సాప్ బృందంలోని 30 మందికి పంపదలచాను. మీ పేరు చేరుస్తాను. అనుమతించ ప్రార్థన."

ఏ భాగం, ఎవరికి, ఎందుకు అనే మూడు విషయాలూ ఇందులో ఉన్నాయి. "కొంచెం పంపవచ్చునా?" అని మాత్రమే అడిగితే ఆచార్యులు దేనికి ఒప్పుకొన్నారో తేలదు.

ఆయన ఇలా బదులిచ్చారు: "అమ్మా, ఉత్పలమాలకు 10వ అక్షరం యతిస్థానం, చంపకమాలకు 11వది. రెండవది నీవు చెప్పిన భాగంలో లేదు. విన్నవారు రెంటికీ ఒకటే అనుకొంటారు. తరువాతి అర నిమిషం కూడ కలిపి పంపు."

భాగాన్ని నిమిషాలతో తెలిపినందువల్లనే ఈ లోపం ముందుగా బయటపడింది. జవాబు రాకపోతే మళ్ళీ అడగాలి. మౌనం అర్ధాంగీకారమనే మాట ఇక్కడ చెల్లదు.