సీఈసీయా, ఎంఈసీయా? గణితమే తేల్చే తేడా

అర్థశాస్త్రంపై ఆసక్తితో ఇంటర్మీడియట్‌లో చేరే విద్యార్థి ముందు రెండు దారులుంటాయి. సీఈసీలో పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం ఉంటాయి. ఎంఈసీలో పౌరశాస్త్రం స్థానాన్ని గణితం తీసుకుంటుంది.

రెండింటిలో ఏది చదివినా బీకాం, ఐదేళ్ల న్యాయవిద్య, సీఏ ఫౌండేషన్‌కు అవకాశం ఉంటుంది. తేడా ఆపైన కనిపిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ అర్థశాస్త్రంలో చేరాలంటే సీయూఈటీలో గణితం తప్పనిసరి. కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో బీస్టాట్‌కూ ఇంటర్‌లో గణితం చదివి ఉండాలి. సీఈసీ విద్యార్థికి ఈ రెండూ అందవు. గణితం చదివినవారు తర్వాత దాన్ని వదులుకోవచ్చు. చదవనివారు మళ్లీ అందుకోవడం కష్టం.

ఉదాహరణకు, ధరలు ఎందుకు పెరుగుతాయో తెలుసుకోవాలన్న కుతూహలం గల ఒక విద్యార్థికి పదో తరగతి గణితంలో మంచి మార్కులే వచ్చాయనుకుందాం. ఆ మార్కులు ఒక్కటే చాలవు. చూడని లెక్క ఇచ్చినప్పుడు పద్ధతిని తానే ఎంచుకోగలిగితే ఎంఈసీ తగినది. చేసిన లెక్కలే గుర్తుంటున్నట్లయితే త్రికోణమితి, కలనగణితం భారమై మిగతా సబ్జెక్టుల సమయాన్నీ హరిస్తాయి. పాలన, చట్టాలపై మక్కువ ఎక్కువైతే అలాంటివారికి సీఈసీయే మేలు.

అయితే గణితం నుంచి పూర్తిగా తప్పించుకునేందుకే సీఈసీని ఎంచుకోవడం సరికాదు. సీఏ ఫౌండేషన్‌లో వాణిజ్య గణితం, గణాంకాలతో ఒక పేపరు ఉంటుంది. అలాగే ఎంఈసీలో గణితం ఉన్నా భౌతికశాస్త్రం ఉండదు కనుక జేఈఈ ద్వారా ఇంజినీరింగ్‌కు అది దారి కాదు.