డాలరు టికెట్టులో నలభై సెంట్లు

కెనోలో 1 నుంచి 80 వరకు నంబర్లుంటాయి. ప్రతి డ్రాలో వాటిలోంచి 20 పైకి వస్తాయి. ఆడేవాడు ముందే తనకిష్టమైన కొన్ని నంబర్లు ఎంచుకుంటాడు. వాటిలో ఎన్ని తగిలాయన్న దాన్నిబట్టి బహుమతి ఉంటుంది. చైనా నుంచి అమెరికాకు వలస వెళ్లిన కూలీలు వెంట తీసుకెళ్లిన ఒక పాత లాటరీ దీనికి మూలం. 1930లలో నెవాడా రాష్ట్రంలోని రీనో పట్టణంలో ఇది జూదశాలల్లోకి వచ్చింది. ఇప్పుడు అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ లాటరీలే దీన్ని నడుపుతున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో దీని పేరు క్విక్ డ్రా. 1995లో మొదలైంది. నాలుగు నిమిషాలకొక డ్రా తీస్తారు. అక్కడి కిరాణా కొట్లలోనూ బార్లలోనూ గోడకున్న తెరమీద ఈ నంబర్లు వెలుగుతూ కనిపిస్తాయి.

నాలుగు నంబర్లు ఎంచుకునే ఆటను తీసుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి నంబరు తగిలే అవకాశం 80లో 20, అంటే నాలుగింట ఒకటి. అది తగిలాక మిగిలిన 79లో 19, తర్వాత 78లో 18, ఆపైన 77లో 17. ఈ నాలుగింటినీ గుణిస్తే నాలుగూ తగిలే అవకాశం సుమారు 326లో ఒకటని తేలుతుంది. ఏ నంబర్లు ఎంచుకున్నా ఇందులో మార్పు ఉండదు. పుట్టినరోజు తారీఖులైనా, నిన్నంతా రాని నంబర్లైనా, వరసగా 1, 2, 3, 4 అయినా ఒకటే. ప్రతి డ్రా కొత్తగా మొదలవుతుంది, వెనకటి డ్రాలతో దానికి సంబంధం లేదు.

క్విక్ డ్రాలో ఈ ఆటకు ఒక డాలరు పెడితే నాలుగూ తగిలినప్పుడు 55 డాలర్లు, మూడు తగిలితే 5 డాలర్లు, రెండు తగిలితే ఒక డాలరు ఇస్తారు. ఎవరైనా డాలరు చొప్పున వెయ్యి డ్రాలు ఆడారనుకుందాం. సగటున నాలుగూ తగిలేది మూడుసార్లు, మూడు తగిలేది 43 సార్లు, రెండు తగిలేది 213 సార్లు. మిగిలిన 741 సార్లు ఏమీ రాదు. మూడు యాభై అయిదులు 165, నలభై మూడు అయిదులు 215, ఆపైన 213. భిన్నాలు కూడా కలుపుకుంటే 597 డాలర్లు తిరిగొస్తాయి. మిగతా 403 డాలర్లూ ఆట ఖర్చు. అంటే డాలరు టికెట్టు కొన్న ప్రతిసారీ సగటున నలభై సెంట్లు కౌంటర్ దగ్గరే పోయినట్టు.

ఈ లెక్క టికెట్టు మీద ఇలా కనిపించదు. లాటరీవాళ్లు ప్రకటించే అంకె వేరు: దాదాపు 3.86 ఆటలకు ఒక గెలుపు. అది అబద్ధం కాదు. వెయ్యి డ్రాలలో 259 సార్లు ఏదో ఒకటి వస్తుంది. కానీ అందులో 213 సార్లు వచ్చేది పెట్టిన డాలరే. నూటికి 82 గెలుపుల్లో ఆడేవాడి చేతికి తన సొమ్మే తిరిగొస్తుందన్నమాట. ప్రకటించే అంకెలో మాత్రం దాన్నీ గెలుపుగానే లెక్కిస్తారు. నిజంగా లాభం మిగిలే సందర్భాలు 22 డ్రాలకు ఒకటి చొప్పున మాత్రమే వస్తాయి.

బహుమతుల పట్టిక తయారయ్యే పద్ధతి తెలిస్తే ఇందులో ఆశ్చర్యం ఉండదు. నిర్వాహకులు ముందు ఒక్కో బహుమతినీ విడివిడిగా నిర్ణయించి తర్వాత కూడుకోరు. డాలరుకు ఇంత తిరిగివ్వాలని ముందే అనుకుని, ఆ మొత్తాన్ని వరసల మధ్య పంచుతారు. క్విక్ డ్రాలో పది నంబర్ల ఆట పైకి పూర్తిగా వేరే ఆటలా ఉంటుంది. అందులో పై బహుమతి లక్ష డాలర్లు. తొమ్మిది తగిలితే 5,000, ఎనిమిదికి 300, ఏడుకు 45, ఆరుకు 10, అయిదుకు 2 డాలర్లు. ఒక్కటీ తగలకపోయినా 5 డాలర్లు ఇస్తారు. ఒకటి నుంచి నాలుగు వరకు తగిలితే ఏమీ లేదు. ఒక్కో వరసలోని బహుమతిని దాని అవకాశంతో గుణించి కూడితే మొత్తం 60 సెంట్లకు వస్తుంది. నాలుగు నంబర్ల ఆటలో వచ్చినదీ దాదాపు ఇంతే.

ఆ 60 సెంట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే పట్టిక గుట్టు బయటపడుతుంది. పదీ తగిలే అవకాశం సుమారు 89 లక్షల 11 వేలలో ఒకటి. కాబట్టి లక్ష డాలర్ల బహుమతి డాలరు టికెట్టులో ఒక సెంటుకు కాస్త పైన మాత్రమే విలువ చేస్తుంది. ఒక్కటీ తగలని వరసను చూడండి. ఆ అవకాశం 22లో ఒకటి. అక్కడ ఇచ్చే అయిదు డాలర్లకు దాదాపు 23 సెంట్లు ఖర్చవుతుంది. పోస్టరు మీద ఎర్రక్షరాలతో వేసే బహుమతి పట్టికలో అన్నిటికంటే చవకైనది. ఎవరూ పట్టించుకోని వరస అన్నిటికంటే ఖరీదైనది. లాటరీ తలచుకుని లక్షను రెండు లక్షలు చేసినా టికెట్టుకు అదనంగా పడేది ఒక సెంటు చిల్లర. సున్నా వరసలో అయిదును ఆరు డాలర్లు చేస్తే నాలుగున్నర సెంట్లు పెరుగుతుంది. ఎక్కడ ఉదారంగా ఉండాలో నిర్వాహకులకు బాగా తెలుసు.

ఒక్క డాలరే కదా అనిపించడం టికెట్టు ధరను చూసి. అసలు ధరను నిర్ణయించేది వేగం. నాలుగు నిమిషాలకొక డ్రా అంటే గంటకు 15 డ్రాలు. డాలరు చొప్పున ఆడితే గంటకు సగటు నష్టం ఆరు డాలర్లు. గెలిచిన డాలర్లను మళ్లీ ఆటలోనే పెట్టడం ఇంకో సంగతి. జేబులో 20 డాలర్లతో కూర్చున్నవాడికి ఆ ఇరవైతో సగటున 12 తిరిగొస్తాయి, వాటితో ఏడు పైచిలుకు, మళ్లీ నాలుగు పైచిలుకు. డబ్బు పూర్తిగా అయిపోయేసరికి మొత్తం 50 డాలర్ల పందెం కాసి ఉంటాడు. ఇరవై డాలర్లకు యాభై డ్రాల కాలక్షేపం దొరికిందని అతనికి అనిపిస్తుంది. మధ్యలో చేతికొచ్చిన ముప్పై డాలర్లలో ఒక్కటీ ఇంటికి రాలేదన్నది గుర్తుండదు.

ఆన్‌లైన్ కెనోలో తిరిగిచ్చే శాతం ఎక్కువగా ఉండొచ్చు. అయినా లెక్క అంతగా మారదు. నూటికి 90 తిరిగిచ్చే ఆటనే తీసుకుని, పందెం పది సెంట్లే అనుకుందాం. రౌండు ఆరు సెకన్లలో ముగిస్తే గంటకు 600 రౌండ్లు, 60 డాలర్ల పందెం, ఆరు డాలర్ల నష్టం. పది సెంట్ల ఆటకూ డాలరు ఆటకూ గంట అద్దె ఒకటే.

బింగోలో లెక్క ఇంకో తీరుగా ఉంటుంది. బ్రిటన్‌లో ఎక్కువగా ఆడే 90 నంబర్ల బింగో తెలుగువారికి కొత్త కాదు. అపార్టుమెంటు వేడుకల్లోనూ కిట్టీ పార్టీల్లోనూ ఆడే తంబోలా టికెట్టు కూడా ఇదే: మూడు వరసలు, తొమ్మిది నిలువు గడులు, 15 నంబర్లు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడం మాత్రం వేరే విషయం. దాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ వర్తించే చట్టం తెచ్చింది. బ్రిటన్‌లో మాత్రం లైసెన్సున్న సైట్లు దీన్ని బాహాటంగానే నడుపుతాయి.

కెనోలో ఆడేవాడి ప్రత్యర్థి పట్టిక, బింగోలో మిగతా టికెట్లు. ఒక ఆన్‌లైన్ గదిలో పది పెన్నీల టికెట్లు 600 అమ్ముడయ్యాయనుకుందాం. వసూలైంది 60 పౌండ్లు. నిర్వాహకులు నూటికి 30 ఉంచుకుంటే బహుమతులకు మిగిలేది 42. ఒక లైనుకు 8, రెండు లైన్లకు 12, ఫుల్ హౌస్‌కు 22 పౌండ్లు. పది పెన్నీలకు 22 పౌండ్లంటే 220 రెట్లు! కానీ ఆ టికెట్టు గెలిచే అవకాశం 600లో ఒకటి. ఆరు టికెట్లున్నవాడు ఇంకో ఆరు కొంటే అవకాశం దాదాపు రెట్టింపవుతుంది. సగటు నష్టమూ 18 పెన్నీల నుంచి 36కు చేరుతుంది.

బింగో టికెట్లను ఆరేసి చొప్పున ఒక స్ట్రిప్‌గా అమ్ముతారు. ఆ ఆరింటిలో 1 నుంచి 90 వరకు ప్రతి నంబరూ సరిగ్గా ఒక్కసారి ఉంటుంది. కాబట్టి స్ట్రిప్ కొన్నవాడికి పిలిచిన ప్రతి నంబరూ ఎక్కడో ఒకచోట తగులుతుంది. తగలని పిలుపు అంటూ ఉండదు. ఆన్‌లైన్‌లో కంప్యూటరే గడులు కొట్టేస్తుంది. గెలుపుకు దగ్గరగా ఉన్న టికెట్టును పైకి తెచ్చి, ఇంకొక్క నంబరే మిగిలిందని మెరిపిస్తుంది. గదిలో వందలాది టికెట్లున్నప్పుడు ఒకటి గెలిచే క్షణానికి ఒకటి రెండు నంబర్ల దూరంలో ఆగిపోయినవి చాలానే ఉంటాయి. అందుకే కొద్దిలో తప్పిపోయిందన్న మాట బింగో గదిలో అంత తరచుగా వినిపిస్తుంది.

జాక్‌పాట్‌లో షరతు పిలుపుల సంఖ్య మీద ఉంటుంది. నలభై పిలుపుల్లోపు ఫుల్ హౌస్ అయితే పెద్ద మొత్తం అంటారు. ఒక టికెట్టుకు ఆ అవకాశం సుమారు 11 లక్షల 38 వేలలో ఒకటి. అదే 45 పిలుపులైతే సుమారు లక్షా 33 వేలలో ఒకటి. అయిదు పిలుపుల తేడాకు అవకాశం ఎనిమిదిన్నర రెట్లు మారిపోతుంది. జాక్‌పాట్ మొత్తం ఎంత పెద్దగా రాసినా, దాని పక్కన చిన్నగా ఉండే పిలుపుల సంఖ్యే అసలు ధర చెబుతుంది.

కొత్తవారికి ఇచ్చే బోనస్‌నూ ఈ కొలతతోనే చూడాలి. పది పౌండ్లు కడితే మరో పది ఉచితమని, అయితే తీసుకునే ముందు బోనస్‌కు నాలుగు రెట్ల టికెట్లు కొనాలని షరతు ఉందనుకుందాం. నలభై పౌండ్ల టికెట్ల మీద నూటికి 30 చొప్పున సగటు నష్టం 12 పౌండ్లు. కట్టింది, ఇచ్చింది కలిపి ఇరవైలో మిగిలేది ఎనిమిది. బోనస్ వద్దనుకుని ఆడకుండా ఉంటే కట్టిన పది అలాగే ఉండేవి.