బ్యాంకులో కదలని డాలర్లు, పద్దులో పెరిగిన రూపాయలు

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకదానికి అమెరికా బ్యాంకు ఖాతాలో లక్ష డాలర్లున్నాయనుకుందాం. ఏడాది మొదట్లో డాలరు 80 రూపాయలు, అంటే 80 లక్షలు. మధ్యలో, రేటు 82 ఉన్నప్పుడు, క్లయింటు 50 వేల డాలర్లు పంపాడు: 41 లక్షలు. ఏడాది చివర రేటు 84. లక్షన్నర డాలర్ల విలువ 126 లక్షలైంది. కానీ 80కి 41 కలిపితే 121 లక్షలే. మిగతా 5 లక్షలు ఎవరూ చెల్లించలేదు. పాత లక్ష మీద నాలుగేసి రూపాయలు, కొత్త 50 వేల మీద రెండేసి పెరిగాయి, అంతే.

ఇండ్ ఏఎస్ 7 ప్రకారం ఇది నగదు ప్రవాహం కాదు. అందుకే వ్యాపారం, పెట్టుబడి, ఫైనాన్సింగ్ విభాగాల్లో దేనిలోనూ కలపకుండా, కింద విడి వరుసలో చూపి ఆరంభ, ముగింపు నిల్వలను సరిపోలుస్తారు.

చిక్కంతా లాభంతో మొదలుపెట్టి లెక్కకట్టే పరోక్ష పద్ధతిలోనే. ఆ 5 లక్షలు అప్పటికే లాభంలో ఉంటాయి కనుక ముందు తీసేయాలి. మరిచిపోయి, కింద విడి వరుస కూడా వేయకపోతే వ్యాపార నగదు 46 లక్షలని కనిపిస్తుంది. మొత్తం మాత్రం చక్కగా టాలీ అవుతుంది! పైన చేసినట్టు డాలర్ల మీద రేటు తేడా విడిగా కట్టి చూస్తేనే తప్పు దొరుకుతుంది.