జెండా పాటల హమాలి మామ యాడున్నడు?

పంద్రాగస్టుకు పిల్లలు పాడేటందుకు ఒక పాట రాసియ్యమని మా కేసముద్రంల ఒక బడి సారు నన్ను అడిగిండు. రాసుడు నాకు కొత్త గాదు. గంటల రాసి ఇచ్చిన. అండ్ల వీరుల నెత్తురున్నది, పచ్చని పైరున్నది, శత్రువుల గుండెలు చీల్చుడున్నది, ప్రపంచానికే తలమానికమున్నది. పొద్దుమూకి మా మామకు చదివి వినిపించిన. మామ మార్కెట్ల హమాలి. అంతా విని, "మంచిగనే ఉన్నది అల్లుడా, గని ఇండ్ల మనోళ్లు ఒక్కలన్న లేరు గదా" అన్నడు.

ఆ మాటతోని నిద్ర పట్టలే. మల్ల చదువుకుంటె ఒకటి సమజైంది. నా పాటల దేశం పేరు తీసి ఇంకో దేశం పేరు వెట్టినా సక్కగ సరిపోతది. నాలుగో తరగతి పిల్లలు ఏ శత్రువు గుండె చీల్చాల్నో నాకే తెల్వది. ఎవరికన్నా సరిపోయే పాటంటె ఎవరిదీ కాని పాటే. నినాదాన్ని పట్టుకునే మొదటి పరీక్ష ఇదే: పేరు మార్చి చూడున్రి.

ఈ తొవ్వ తెలుగుల కొత్తది గాదు. విజయనగరంల ఉన్న గురజాడ అప్పారావు 1910 ప్రాంతంల 'దేశభక్తి' గేయం రాసిండు. అప్పటికి వందేమాతరం ఉద్యమం వేడి మీదున్నది. అసుంటప్పుడు ఆయన పాడి పెంచున్రి, పంట పెంచున్రి, కడుపుకు తిండుంటెనే మనిషి మనిషైతడు అన్నడు. చేతిపనులు నేర్చి సరుకు తయారు జేసి అమ్మున్రి అన్నడు. దేశమంటె నాకు ప్రేమని ఊకె గొప్పలు చెప్పుకోకు, జనానికి ఏదన్న ఒక్క మేలు జేసి చూపెట్టు అన్నడు. నీ లాభంల కొంచెం విడిచిపెట్టి పక్కోనికి సాయపడు అన్నడు. ఆ గేయం నిండ మనుషులు చేసే పనులే, క్రియలే. నూరేండ్లు దాటినా అది ముసలిది కాకపోవుడుకు కారణం అదే అని నేననుకుంట.

ఇగ నేను మల్ల రాసుడు షురూ జేసిన. ఒకటే నియమం పెట్టుకున్న: ప్రతి రెండు పాదాలల్ల మా ఊర్ల కండ్లతోని చూసిన ఒక మనిషి, ఆ మనిషి చేసే ఒక పని ఉండాలె. "కష్టజీవి", "శ్రమశక్తి" అసుంటి మాటలు రావద్దు. ఎందుకంటె ఆ మాటలకు మొఖముండదు. రైతన్న, నేతన్న, జవానన్న అని వరుసగ పేర్లు చదువుడు గూడ వద్దనుకున్న. పేర్లు చదువుడు హాజరు పట్టీ అయితది, పాట గాదు.

నడక చిన్నది తీసుకున్న. పొట్టి అచ్చరం ఒక లెక్క, దీర్ఘం రెండు లెక్కలు. వెనుక ఒత్తచ్చరం ఉన్నా, సున్న ఉన్నా గూడ రెండే. నాలుగు లెక్కలకు ఒక చప్పట. మొదటి పాదంల నాలుగు చప్పట్లు, రెండో పాదంల మూడున్నర. ఆ మిగిలిన సగంల పిల్లలు ఊపిరి తీసుకుంటరు. గురజాడది ఏడేడు లెక్కల నడక, అందంగ ఉంటది గని చిన్న పిల్లలు గుంపుగ పాడుతె తాళం తప్పే భయముంటది. నాలుగు లెక్కలది డప్పుకు గూడ కుదురుతది.

జెండా ఎగిరే యాళ్లకు ముందే
వాకిలి ఊడ్చిన చెయ్యెవరిది

జెం-డా నాలుగు, ఎ-గి-రే నాలుగు, యా-ళ్ల-కు నాలుగు, ముం-దే నాలుగు. నోటితోని అనుకుంట చప్పట కొడితె ఎక్కడ తప్పిందో చెవే చెప్తది. ఆ చెయ్యి బడి ఊడ్చే అక్కది. జెండా దినం అందరికన్న ముందొచ్చేది ఆమెనే.

తర్వాత హమాలీల మీద "బస్తా మోసిన చేతులు" అని రాసిన. మామ నవ్విండు. "చేతులు మోస్తయా రా? చెయ్యి కొక్కెం పడుతది. మోసేది ఈపు. లారీకి పలక మీద ఎక్కేటప్పుడు వణికేది కాలు" అన్నడు. మార్చిన:

మిర్చీ బస్తా ఈపున వెట్టుక
లారీ కెక్కిన కాలెవరిది

గిదే రెండో పరీక్ష. ఎవరి మీద రాసినమో వాళ్లకే వినిపియ్యాలె. పని తెల్వకుంట పొగిడితె, పొగిడిచ్చుకున్నోనికే నవ్వొస్తది.

రైలు పట్టాల మీద రాయకుంట కేసముద్రం పాట ఎట్లయితది? 2024 సెప్టెంబరు మొదట్ల వానలకు ఇంటికన్నె, కేసముద్రం నడుమ కట్ట కొట్టుకపోయి పట్టాలు గాలిల వేలాడినయి. కాజీపేట, విజయవాడ నడుమ రైళ్లు ఆగిపోయినయి. కూలీలు, గ్యాంగ్‌మన్లు రాత్రింబగళ్లు చేస్తె కొన్ని దినాలల్ల మల్ల బండ్లు నడిచినయి. నేను మొదాల "పట్టాలెత్తిన భుజాలు" అని రాసిన. పట్టాల పని తెలిసిన ఒకాయన "పెద్ద పనికి మిషన్లు వస్తయి బిడ్డా. మనిషి చేసేది కంకర నింపుడు, సరిజేసుడు. అబద్ధం రాయకు" అన్నడు. అట్ల ఇది వచ్చింది:

పట్టా లూగిన వరదల పొద్దున
కంకర నింపిన చెయ్యెవరిది

ఆఖరి సరణం కాంటా కాడి ఆడోళ్లది. దడువాయి తూకం చూస్తడు, హమాలీ బస్తా ఎత్తుతడు. కింద రాలిన గింజలను చీపురుతోని కూడగట్టి చాటతోని చెరిగేటోళ్లు మాత్రం ఎవరి కంట్ల పడరు.

గింజా గింజా ఏరిన అక్కను
కూలీ ఎంతని అడగన్నా

ఇక్కడనే కిరికిరి అయింది. సారు మంచోడే. గని "జెండా కాడ కూలి ముచ్చట ఎందుకు? పండుగ దినం గదా" అన్నడు. ఆ సరణం తీసేసి పిల్లలతోని మూడే పాడిపిచ్చిండు. పిల్లలు మంచిగ పాడిండ్రు, "కాలెవరిది" అన్నకాడ మామ దిక్కు చూసిండ్రు. మామ తల దించుకున్నడు. సిగ్గో సంబరమో నేను అడగలే.

నాకు మాత్రం ఆ రెండు పాదాలు పోవుడు ఇప్పటికీ బాధనే. సారు మాటల గూడ న్యాయం ఉన్నది. పాట తగాదాలెక్క అయితె పిల్లలు పాడలేరు. కానీ చెయ్యి, కాలు, ఈపు అని పొగిడి కూలి మాట ఎత్తకపోతె, అది కూడ ఒక తీరు నినాదమే. వీరుని జాగల హమాలిని నిలబెట్టి దండ ఏసినట్టయితది. దండ ఏసినంక ఎవలూ ఆయన కూలి అడగరు. పక్కోనికి సాయపడమని గురజాడ అన్నది గూడ గిందుకే గదా.

వచ్చే యాడాది మల్ల అడుగుతరు. ఆ సరణం మల్ల రాస్త, ఈసారి మొదాలు కాంటా కాడి అక్కలకే వినిపిస్త. వాళ్లు ఉంచమంటె ఉంచుత. మీ ఊర్ల పాట రాసేటోళ్లు ఉంటె, రాసుడు కన్న ముందు ఒక్క దినం పొద్దుగాల మార్కెట్ల నిలబడున్రి. పాదాలు ఆడనే నడుస్తుంటయి.